బస్సు తిరగని చోట గీత ఎందుకు తిరిగింది? కార్డినల్ స్ప్లైన్‌లో టెన్షన్, ఎడాలు, మెలికలు

ఒక సిటీ బస్సులో పెట్టిన జీపీఎస్ ట్రాకర్ 10 సెకన్లకోసారి బస్సు ఎక్కడుందో పంపుతోందనుకుందాం. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒక పాయింటుకీ తర్వాతి పాయింటుకీ మధ్య వంద మీటర్ల పైచిలుకు దూరం వస్తుంది. స్టాపు దగ్గర బ్రేకు వేసి, మనుషుల్ని ఎక్కించుకుని, మళ్లీ కదిలే వేళకు రెండు పాయింట్ల మధ్య పది మీటర్లే మిగులుతుంది. ఈ పాయింట్లన్నిటి గుండా నున్నటి గీత ఒకటి మ్యాపు మీద గీయమని ప్రోగ్రాముకు చెబితే, సరిగ్గా ఆ స్టాపు దగ్గరే చిన్న మెలిక పడుతుంది. బస్సు అక్కడ ఒక చుట్టు చుట్టి ముందుకు వెళ్లినట్టు కనిపిస్తుంది.

బస్సు చుట్టూ తిరగలేదు. జీపీఎస్ ఇచ్చిన పాయింట్లు కూడా సరైనవే. మెలికను పుట్టించింది పాయింట్ల మధ్య గీతను కల్పించిన లెక్క. ఆ లెక్క పేరు కార్డినల్ స్ప్లైన్. మెలిక కనిపించగానే చాలామంది ముందుగా ముట్టుకునేది టెన్షన్ అనే మీటను. దాన్ని కాస్త తిప్పితే మెలిక పోతుంది కూడా. అయితే టెన్షన్‌తో మెలిక కంటికి కనబడకుండా పోతుందే తప్ప దాని మూలం పోదు. మూలం పాయింట్ల మధ్య ఎడాల్లో ఉంది. ఎంత ఎడం ఉంటే మెలిక పడుతుందో కాగితం మీద కచ్చితంగా లెక్క కట్టవచ్చు.

ప్రతి పాయింటు దగ్గరా ఒక వేగం

స్ప్లైన్ అన్న మాట ఓడలు కట్టేవాళ్ల దగ్గర నుంచి వచ్చింది. పలచటి చెక్క బద్దను బరువులతో అక్కడక్కడా నొక్కిపెడితే అది తనంతట తానే నున్నగా వంగుతుంది. దాన్ని ఆనుకుని గీత గీసేవారు. కంప్యూటర్‌లో చెక్క బద్ద ఉండదు కాబట్టి, గీత ఒక్కో పాయింటు గుండా ఏ దిక్కుగా, ఎంత జోరుగా వెళ్లాలో ముందే నిర్ణయించాలి. ఆ దిక్కునూ జోరునూ కలిపి టాంజెంట్ అంటారు. దాన్ని గీత మీద నడిచే బండి వేగం అనుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఆ వేగాన్ని నిర్ణయించడానికి కార్డినల్ స్ప్లైన్ వాడేది ఒకే ఒక సూత్రం. ఒక పాయింటు దగ్గర వేగం కావాలంటే దాని ముందున్న పాయింటు నుంచి దాని తర్వాతి పాయింటు దాకా ఒక బాణం గీసి, ఆ బాణాన్ని ఒక సంఖ్యతో గుణించాలి.

```
m1 = s * (P2 - P0)
m2 = s * (P3 - P1)
```

ఇక్కడ `m1` అనేది `P1` దగ్గరి వేగం, `m2` అనేది `P2` దగ్గరి వేగం. `P1` నుంచి `P2` దాకా వెళ్లే ముక్కను ఈ రెండు వేగాలూ, రెండు కొసలూ కలిసి పూర్తిగా నిర్ణయిస్తాయి. ఆ ముక్క మూడో ఘాతపు బహుపది. `u` అనే గడియారం 0 నుంచి 1 దాకా నడుస్తుంటే బండి `P1` నుంచి `P2`కు చేరుతుంది. `s` విలువ 0.5 అయితే దాన్నే కాట్‌మల్-రోమ్ స్ప్లైన్ అంటారు. ఎడ్విన్ కాట్‌మల్, రాఫెల్ రోమ్ 1974లో ప్రచురించిన పత్రం నుంచి ఆ పేరు వచ్చింది. మొదటి పాయింటుకు ముందూ చివరి పాయింటుకు తర్వాతా ఎవరూ ఉండరు గనుక అక్కడ ఒక దొంగ పాయింటు కల్పించుకోవాలి. కొసనున్న పాయింటునే రెండుసార్లు వాడుకోవడం మామూలు.

`s`ను తగ్గిస్తే అన్ని పాయింట్ల దగ్గరా వేగం తగ్గుతుంది, గీత తాడు లాగినట్టు బిగుసుకుంటుంది. `s` సున్నా అయితే పాయింటు నుంచి పాయింటుకు తిన్నని గీతలే మిగులుతాయి. ఈ బిగువు పేరే టెన్షన్. చిక్కేమిటంటే ఈ మీటకు అందరూ ఒకే రకంగా అంకెలు వేయలేదు. వెబ్ పేజీల్లో గ్రాఫులు గీసే డీ3 లైబ్రరీలోని `curveCardinal`కు టెన్షన్ 0 ఇస్తే `s` 0.5 అవుతుంది, 1 ఇస్తే తిన్నని గీతలు వస్తాయి. విండోస్ జీడీఐ ప్లస్‌లోని `DrawCurve`లో ఇది తలకిందులు. అక్కడ టెన్షన్ 0 అంటేనే తిన్నని గీతలు, ఏమీ చెప్పకపోతే అది తీసుకునే విలువ 0.5. ఒకచోటి కోడ్‌ను మరోచోటికి మార్చేటప్పుడు టెన్షన్ అంకెను అలాగే తెచ్చుకుంటే గీత మారిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో లెక్కలన్నీ `s`తోనే ఉంటాయి. టెన్షన్ అన్నచోట డీ3 పద్ధతి అనుకోవాలి, అంటే `s = (1 − టెన్షన్) / 2`.

నాలుగు పాయింట్లతో ఒక మెలిక

బస్సు పాయింట్లకు ఇప్పుడు అంకెలు ఇద్దాం. తూర్పు వైపు మీటర్లు మొదటి అంకె, ఉత్తరం వైపు మీటర్లు రెండో అంకె.

```
P0 = (0, -40)
P1 = (100, 0)
P2 = (110, 0)
P3 = (210, -40)
```

రోడ్డు ఈశాన్యంగా వచ్చి, స్టాపు దగ్గర మెల్లగా వంగి, ఆగ్నేయంగా దిగిపోతోంది. పటం మీద చూస్తే చిన్న గుట్ట ఆకారం. ఇందులో చుట్టు తిరగాల్సిన అవసరం ఎక్కడా లేదు.

`s = 0.5` పెడితే `P1` దగ్గర వేగం (55, 20) వస్తుంది, `P2` దగ్గర (55, −20). అంటే రెండు చోట్లా బండి తూర్పుకు 55 జోరుతో వెళుతోంది. ఈ రెంటి మధ్య దాటాల్సిన దూరం మాత్రం పదే. వీటిని బహుపదిలో పెట్టి సర్దితే ఇలా తేలుతుంది:

```
x(u) = 100 + 55u - 135u² + 90u³
y(u) = 20u - 20u²
```

దీన్ని చేత్తోనే వేసి చూడవచ్చు. `u` సున్నా దగ్గర x విలువ 100. పావు వంతు గడిచేసరికి 106.7కు వెళ్లిపోయింది. సగానికి వచ్చేసరికి 105కు వెనక్కి వచ్చింది. ముప్పావు దగ్గర ఇంకా వెనక్కి, 103.3కు. చివరికి మళ్లీ ముందుకు దూకి 110కు చేరింది. ఈలోగా y విలువ సున్నా నుంచి 5 దాకా లేచి మళ్లీ సున్నాకు దిగింది. ముందుకు వెళ్లడం, పైకి లేస్తూ వెనక్కి రావడం, కిందికి దిగుతూ మళ్లీ ముందుకు పోవడం, ఈ మూడూ కలిస్తే మెలికే. గీత తనను తాను (105, 2.2) దగ్గర ఖండించుకుంటుంది, మెలిక శిఖరం (105, 5) దగ్గర ఉంటుంది. మూడున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తు. మ్యాపును దూరం నుంచి చూస్తే చిన్న మచ్చలా ఉంటుంది, జూమ్ చేస్తే చుట్టు కనిపిస్తుంది.

ఇలా ఎందుకు జరిగిందో గడియారం వైపు నుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఈ పద్ధతి ప్రతి ముక్కకూ ఒకే గడువు ఇస్తుంది. నూరు మీటర్ల ముక్కకూ ఒక గడియే, పది మీటర్ల ముక్కకూ ఒక గడియే. గడియకు 55 మీటర్ల జోరుతో వచ్చిన బండి పది మీటర్లను గడియలో ఐదో వంతులోపే దాటేయగలదు. కానీ గడియ పూర్తయ్యేదాకా అది `P2`కు చేరకూడదు, చేరేటప్పుడు మళ్లీ 55 జోరుతోనే ఉండాలి. మిగిలిన సమయం ఎక్కడో ఖర్చు కావాలి కాబట్టి బండి వెనక్కి వచ్చి, పరుగు అందుకుని, మళ్లీ ముందుకు దూకుతుంది. మెలిక అంటే ఆ మిగిలిన సమయమే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ట్రాకర్ నిజంగానే 10 సెకన్లకోసారి పంపింది కదా, ముక్క ముక్కకూ సమాన సమయం ఇవ్వడం సరైనదే కదా అని. సమయం వరకు అది నిజమే. తప్పు పడింది వేగం అంచనాలో. అసలు బస్సు స్టాపుకు రాకముందే బ్రేకు వేసింది, `P1` దగ్గరికి వచ్చేసరికి మెల్లబడింది. సూత్రం మాత్రం వెనకటి నూరు మీటర్ల పరుగునూ ముందున్న పది మీటర్ల పాకుడునూ కలిపి సగం చేసి 55 అని చెప్పింది. బ్రేకు సంగతి దానికి తెలియదు.

ఎంత ఎడంలో పడుతుంది

మెలిక పడే హద్దును కనుక్కోవడానికి ముక్క సరిగ్గా మధ్యలో, అంటే `u = 0.5` దగ్గర, బండి ముందుకు వెళుతోందా వెనక్కి వెళుతోందా చూస్తే చాలు. ముక్క పొడవు `d` అనుకుందాం, రెండు కొసల్లోనూ ఆ ముక్క దిక్కుగా ఉన్న వేగం `m` అనుకుందాం. బహుపదికి అవకలనం తీస్తే మధ్యలో వేగం `1.5d − 0.5m` అని వస్తుంది. `m` విలువ `d`కి మూడు రెట్లు దాటగానే ఇది రుణాత్మకం, అంటే బండి వెనక్కి నడుస్తోంది.

ఇదే గీతను బెజియర్ వంపుగా రాసుకుంటే ఈ హద్దు కంటికి కనబడుతుంది. కోరల్‌డ్రాలోనో ఇంక్‌స్కేప్‌లోనో గీతలు వంచిన ఎవరికైనా పాయింటు నుంచి బయటికి పొడుచుకొచ్చే హ్యాండిల్ తెలుసు. కార్డినల్ స్ప్లైన్ ముక్కను అందులో తెరిస్తే హ్యాండిల్ పొడవు సరిగ్గా `m`లో మూడో వంతు ఉంటుంది. కాబట్టి మూడు రెట్ల హద్దుకు అర్థం ఇది: హ్యాండిల్ పొడవు ముక్క పొడవును మించిన క్షణం నుంచి గీత మడతపడుతుంది. ఎడమ హ్యాండిల్ కుడి పాయింటును దాటిపోతుంది, కుడి హ్యాండిల్ ఎడమ పాయింటును దాటిపోతుంది. బస్సు ఉదాహరణలో హ్యాండిల్ పద్దెనిమిది మీటర్లకు పైమాట, ముక్క పది మీటర్లు. ఫ్లెక్సీ డిజైను చేసే మనిషి ఆ హ్యాండిళ్లను చూస్తే మెలిక ఎందుకు పడిందో అడగనక్కర్లేదు.

పక్క ముక్కల పొడవు రెండు వైపులా `L` అయితే, దాదాపు తిన్నగా ఉన్న దారిలో `m` అంటే `s × (L + d)`. దీన్ని హద్దులో పెడితే పక్క ముక్కలు చిన్న ముక్కకు ఎన్ని రెట్లుంటే మెలిక పడుతుందో వచ్చేస్తుంది: `L / d > 3/s − 1`. `s` 0.5 అయితే ఐదు రెట్లు. పక్క ఎడాలు నడిమి ఎడానికి ఐదు రెట్లు మించితే మడత తప్పదు. బస్సు దగ్గర అది పది రెట్లు.

ఎడాలన్నీ సమానంగా ఉంటే `L / d` ఒకటే కాబట్టి తిన్నని దారిలో `s` 1.5 దాటితే గాని మడత రాదు, అంత పెద్ద `s`ను మామూలుగా ఎవరూ వాడరు. ముగ్గు పెట్టేవాళ్లు ముందు చుక్కలన్నీ ఒకే ఎడంలో పెట్టుకుని, తర్వాతే పిండి గీత లాగుతారు. చుక్కల ఎడం తప్పితే మెలిక ఆకారం చెడుతుందని వాళ్ల చేతికి తెలుసు. చాలా పుస్తకాల్లో కాట్‌మల్-రోమ్ బొమ్మలు అందంగా ఉండటానికి కారణం కూడా ఇదే, అక్కడ పాయింట్లను దాదాపు సమాన ఎడాల్లో పెడతారు.

ఒకే పాయింటు రెండుసార్లు వస్తే ఇదే లెక్క చివరి అంచుకు పోతుంది. ట్రాకర్ నెట్‌వర్కు పోయి వచ్చాక పాత పాయింటునే మళ్లీ పంపడం, మౌసు కదలకుండానే క్లిక్ రెండుసార్లు నమోదవడం మామూలే. అప్పుడు `d` సున్నా. `s` ఎంత చిన్నదైనా, సున్నా కానంతవరకు, హ్యాండిల్ ముక్క కంటే పొడవే. గీత పాయింటు నుంచి బయల్దేరి, ముందుకూ వెనక్కీ ఊగి, తిరిగి అదే పాయింటుకు వస్తుంది. ఇరుపక్కలా నూరేసి మీటర్ల ముక్కలుంటే ఆ ఊగు పాయింటుకు అటు ఐదు, ఇటు ఐదు మీటర్ల దాకా ఉంటుంది. మెలిక కనిపించిన చోట మొదట చూడాల్సింది అక్కడ జంట పాయింట్లున్నాయేమోనని.

పాయింట్లు వేలల్లో ఉంటే కంటితో వెతకలేం. కింది చిన్న పరీక్ష ప్రతి ముక్క మధ్యలోనూ బండి వెనక్కి నడుస్తోందేమో చూస్తుంది. రెండు కొసల వేగాలు వేరువేరుగా ఉన్నా పనిచేస్తుంది.

```
function foldsBack(p0, p1, p2, p3, s) {
  const dx = p2.x - p1.x, dy = p2.y - p1.y;
  const mx = s * ((p2.x - p0.x) + (p3.x - p1.x));
  const my = s * ((p2.y - p0.y) + (p3.y - p1.y));
  return mx * dx + my * dy > 6 * (dx * dx + dy * dy);
}
```

బస్సు పాయింట్లకు ఎడమ వైపు 1100, కుడి వైపు 600 వస్తాయి, కాబట్టి మడత ఉంది. ఇది మధ్యలో మాత్రమే చూస్తుందని గుర్తుంచుకోవాలి. ఒక కొసన వేగం చాలా ఎక్కువ, రెండో కొసన చాలా తక్కువ ఉన్న ముక్కలో మడత ఒక పక్కకు జరిగి ఈ పరీక్షకు దొరక్కపోవచ్చు. పరీక్ష అవునంటే మడత ఉన్నట్టే, కాదంటే మాత్రం పూర్తి భరోసా లేదు.

టెన్షన్ పెంచితే ఏమవుతుంది

బస్సు పాయింట్ల మీద `s`ను మెల్లగా తగ్గిస్తూ పోదాం. తూర్పు వైపు వేగం `110 × s`. ఇది 30కి దిగితే, అంటే `s` 3/11 అయితే, హ్యాండిల్ సరిగ్గా ముక్క పొడవంత అవుతుంది. మెలిక కుంచించుకుపోయి ఒక సూది మొనగా మారుతుంది. ఆ మొన దగ్గర బండి వేగం రెండు దిక్కుల్లోనూ సున్నా. ఇంకా తగ్గిస్తే మొన మొద్దుబారి చిన్న బుడిపె అవుతుంది, తర్వాత నున్నబడుతుంది. టెన్షన్ మీట మీద ఆ మలుపు 0.45 దగ్గర వస్తుంది. 0.5 పెడితే మెలిక లేదు. ఇక్కడితో సమస్య తీరిందని అనిపిస్తుంది.

మరుసటి రోజు అదే బస్సు అదే స్టాపులో ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, పాయింట్ల మధ్య ఎడం రెండు మీటర్లకు దిగిందనుకుందాం. పక్క ముక్కలు వంద మీటర్లే. హద్దు లెక్క ప్రకారం `s` ఇప్పుడు 0.059 కంటే తక్కువ ఉండాలి. టెన్షన్ 0.88 దాటాలన్నమాట. ఆ టెన్షన్ దగ్గర గీత పేరుకే వంపు, చూపుకు తిన్నని ముక్కల వరసే. పైగా టెన్షన్ మొత్తం గీతకు ఒక్కటే కాబట్టి ఒక్క స్టాపు కోసం ఊరంతా ఉన్న మలుపులు కోణాలు తేలతాయి. రింగు రోడ్డు వంపు బహుభుజిలా కనిపిస్తుంది. ఒక బొమ్మకు నప్పిన టెన్షన్ ఇంకో బొమ్మకు నప్పకపోవడానికి అసలు కారణం ఇదే. టెన్షన్ హద్దును జరుపుతుందే కాని తీసేయదు. `3/s − 1` అనే సంఖ్య ఎంత పెద్దదైనా, దానికంటే ఇరుకైన ఎడం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఈ గీత మీద బొమ్మను కదిలించే యానిమేషన్‌లో ఇంకో నష్టం ఉంది. టెన్షన్ పూర్తిగా పెంచితే ప్రతి పాయింటు దగ్గరా వేగం సున్నా అవుతుంది. గీత తిన్నగా ఉన్నా బొమ్మ ప్రతి పాయింటు దగ్గరా ఆగి ఆగి నడుస్తుంది.

గడువును ఎడానికి తగ్గట్టు ఇవ్వడం

ట్రాకర్ గడియారం సరైనదే అయినా, గీత గీసే లెక్కలో వేగం అంచనా తప్పేది సమాన గడువు వల్లే కాబట్టి మార్చాల్సింది గడువునే. పొడవైన ముక్కకు ఎక్కువ సమయం, పొట్టి ముక్కకు తక్కువ సమయం ఇవ్వాలి. మొదట తట్టే ఆలోచన దూరానికి తగ్గట్టు నేరుగా ఇవ్వడం. నూరు మీటర్లకు నూరు గడియలు, పది మీటర్లకు పది. దీన్ని కార్డల్ పద్ధతి అంటారు. బండి అంతటా గడియకు ఒక మీటరు దగ్గర్లోనే నడుస్తుంది, బస్సు మెలిక పోతుంది. చూడటానికి ఇదే సరైన జవాబులా ఉంటుంది.

కానీ పొడవైన ముక్క తర్వాత పొట్టి ముక్క లంబకోణంలో మలుపు తిరిగితే ఈ పద్ధతి బోల్తా పడుతుంది. బండి (0, 0) నుంచి (100, 0)కు తిన్నగా వచ్చి, అక్కడి నుంచి (100, 10)కు ఎడమకు తిరగాలి. కార్డల్ లెక్కలో మూల దగ్గర వేగం (0.09, 0.91) వస్తుంది. అంటే దిక్కు దాదాపు పూర్తిగా పది మీటర్ల ముక్క వైపే వాలింది. నూరు మీటర్లు తూర్పుకు వచ్చిన బండి మూల దగ్గర అప్పటికే ఉత్తరానికి తిరిగి ఉండాలి. అందుకోసం అది ముందు దక్షిణానికి దిగి, వంపు తీసుకుని పైకి రావాలి. ఆ దిగుడు పదమూడున్నర మీటర్లు వస్తుంది, పక్కనున్న పొట్టి ముక్క కంటే పెద్దది. ఎడాలను పట్టించుకోని మామూలు పద్ధతిలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. పొడవైన ముక్క దాదాపు కదలదు, పొట్టి ముక్క ఏడు మీటర్లకు పైగా బయటికి ఉబ్బుతుంది.

ఈ రెంటి నడుమ ఉన్నది సెంట్రిపెటల్ పద్ధతి. గడువును దూరానికి కాకుండా దూరపు వర్గమూలానికి తగ్గట్టు ఇస్తుంది. నూరు మీటర్లకు 10, పది మీటర్లకు 3.16. అదే మూల దగ్గర వేగం (2.4, 2.4) అని తేలుతుంది. రెండు అంకెలూ సమానం, అంటే దిక్కు సరిగ్గా నలభై ఐదు డిగ్రీలు. ఇది కాకతాళీయం కాదు. ఎడాలు ఎలా ఉన్నా, మూల ఎంత కోణంలో ఉన్నా, వర్గమూలం పెట్టినప్పుడు గీత దిక్కు రెండు ముక్కల దిక్కులనూ సమానంగా పంచుకుంటుంది. పొడవైన పొరుగుముక్క లాగేసుకోదు, పొట్టిది లాగేసుకోదు. లెక్క కూడా అందంగా కుదురుతుంది:

```
a = sqrt(|P1 - P0|)      b = sqrt(|P2 - P1|)
e0 = (P1 - P0) / (a*a)   e1 = (P2 - P1) / (b*b)
v = (a*b / (a + b)) * (e0 + e1)
```

`e0`, `e1` అనేవి రెండు ముక్కల దిక్కులు, ఒక్కొక్కటి ఒక యూనిట్ పొడవు. `v` వాటి మొత్తం దిక్కుగానే ఉంది కాబట్టి సమద్విఖండన దానంతటదే వచ్చింది. `P1` నుంచి `P2` వైపు హ్యాండిల్ కావాలంటే `v × b / 3`, వెనక ముక్క వైపు హ్యాండిల్ కావాలంటే `v × a / 3`.

ఇందులోనే మెలికలకు కట్టడి కూడా దాగి ఉంది. `e0 + e1` పొడవు ఎంత చేసినా 2 దాటదు. `a / (a + b)` ఎప్పుడూ ఒకటి కంటే తక్కువ. వీటిని గుణిస్తే హ్యాండిల్ పొడవు ముక్క పొడవులో మూడింట రెండు వంతులను ఎప్పటికీ అందుకోదు. పక్క ముక్క వెయ్యి రెట్లు పొడవైనా సరే. మామూలు పద్ధతిలో హ్యాండిల్ పొరుగు ముక్కలతో పాటు పెరుగుతూ పోయింది, ఇక్కడ అది తన ముక్కకే కట్టుబడి ఉంటుంది. బస్సు స్టాపు దగ్గర హ్యాండిల్ పద్దెనిమిది నుంచి ఐదు మీటర్లకు దిగుతుంది, మెలిక మాయమవుతుంది, మిగతా రోడ్డు వంపులు చెక్కుచెదరవు. ఇలాంటి వర్గమూలపు కాట్‌మల్-రోమ్ గీతలో ఏ ఒక్క ముక్కలోనూ సూది మొన గాని మెలిక గాని రాదని, దూరానికి వేరే ఘాతం ఏది వాడినా ఆ హామీ ఉండదని జెమ్ యుక్సెల్, స్కాట్ షేఫర్, జాన్ కీజర్ 2009లో నిరూపించారు. డీ3లో దీని పేరు `curveCatmullRom`, దూరపు ఘాతమైన `alpha`ను దానికి ఇవ్వకపోతే 0.5నే, అంటే వర్గమూలాన్నే, తీసుకుంటుంది. `curveCardinal` నుంచి దానికి మారడం ఒక్క పదం మార్పు.

టెన్షన్ ఇంకా కావాలనుకుంటే `v`ను `1 − టెన్షన్`తో గుణించుకోవచ్చు. అప్పుడు అది హ్యాండిళ్లను ఇంకా పొట్టి చేస్తుందే కాని దిక్కులు మార్చదు. మెలికల బాధ్యత దాని మీద ఉండదు కాబట్టి గీత బిగువుగా కనిపించాలా వదులుగా కనిపించాలా అన్న రుచిని బట్టే దాన్ని వాడుకోవచ్చు.

ఈ పద్ధతి తీర్చలేనివి

హామీ ఒక్కో ముక్క లోపలికే. రెండు వేరు ముక్కలు ఒకదాన్నొకటి దాటవని ఎవరూ చెప్పలేదు. దారి నిజంగానే తనను తాను దాటితే, ఫ్లైఓవరు కింద నుంచి వచ్చి పైకెక్కిన బస్సులా, గీత కూడా దాటాలి.

జంట పాయింట్లను సెంట్రిపెటల్ పద్ధతి మామూలు దానికంటే ఘోరంగా తీసుకుంటుంది. `b` సున్నా కావడంతో సున్నాతో భాగహారం వస్తుంది, జావాస్క్రిప్ట్‌లో `NaN` పుట్టి గీత అక్కడితో మాయమవుతుంది. డీ3 లాంటి లైబ్రరీలు దీన్ని లోపలే చూసుకుంటాయి. సొంతంగా రాసుకున్న కోడ్‌లో మాత్రం ఒకే చోటున్న వరస పాయింట్లను ముందే తీసేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది జీపీఎస్ చెదురు. బస్సు స్టాపులో కదలకుండా నిమిషం నిలబడితే ట్రాకర్ ఆరు పాయింట్లు పంపుతుంది. అవి ఒకే చోట ఉండవు, మూడు నాలుగు మీటర్ల మేర అటూ ఇటూ చెల్లాచెదురుగా పడతాయి. స్ప్లైన్ అన్ని పాయింట్ల గుండా వెళ్లి తీరాలి, అది దాని నియమం. కాబట్టి ఏ గడువు పద్ధతి పెట్టినా అక్కడ పిచ్చిగీతలే వస్తాయి, ఎందుకంటే పాయింట్లే ముందుకూ వెనక్కీ వెళుతున్నాయి. ఇది `foldsBack` పరీక్షకు దొరికే మెలిక కాదు. పాయింట్లను తిన్నని గీతలతో కలిపి చూస్తే బయటపడుతుంది. తిన్నని గీతల్లో కూడా చిక్కుముడి ఉంటే అది డేటాది, తిన్నని గీతల్లో లేకుండా వంపులోనే ఉంటే అది స్ప్లైన్‌ది. డేటాదైతే ట్రాకర్ పొరపాటు దూరం కంటే దగ్గరగా ఉన్న పాయింట్లన్నిటినీ కలిపి వాటి సగటు చోట ఒక్క పాయింటు పెట్టి, ఆ తర్వాతే గీతకు ఇవ్వాలి. బస్సు ఉదాహరణలో `P1`, `P2`లను కలిపి (105, 0) దగ్గర ఒకే పాయింటు చేస్తే ఎడాలు మళ్లీ సమానమవుతాయి, మామూలు కార్డినల్ స్ప్లైన్ కూడా నున్నగానే వెళుతుంది.

అడ్డంగా సమయం ఉన్న గ్రాఫులకు దారి వేరు. వరద రోజుల్లో రిజర్వాయర్ మట్టాన్ని గంట గంటకూ, మిగతా రోజుల్లో రోజుకోసారి రాస్తే అక్కడా ఎడాలు పది, ఇరవై రెట్లు తేడాగా వస్తాయి. కార్డినల్ స్ప్లైన్ మడతపడితే గీత కాలంలో వెనక్కి వెళ్లి, ఒకే క్షణానికి మూడు నీటిమట్టాలు చూపిస్తుంది. అలాంటి గ్రాఫులో గీత ఎడమ నుంచి కుడికే నడవాలి, కొలిచిన అంకెల మధ్య లేని శిఖరాలు పుట్టకూడదు. ఆ రెంటికీ హామీ ఇచ్చేది డీ3లోని `curveMonotoneX`. సెంట్రిపెటల్ వంపు మ్యాపు మీద ఎంత బాగున్నా ఈ పనికి తగినది కాదు, ఎందుకంటే దానికి సమయమూ మట్టమూ రెండూ కేవలం దూరాలే.